ఏ చాప్టర్ మళ్లీ ఏ రోజు తీయాలి: రివిజన్ తేదీలు లెక్క వేసే పద్ధతి

"గ్రూప్-2కి జూన్ 1న మొదలుపెడుతున్నాను. సెప్టెంబర్ 28న పరీక్ష అనుకుని చదువుతున్నాను. పాలిటీ, హిస్టరీ, ఎకానమీ కలిపి 60 చాప్టర్లు, రోజుకొకటి. పోయినసారి 1-3-7-15-30 పద్ధతి పెట్టుకుంటే నెల తిరిగేసరికి రోజంతా రివిజన్‌కే సరిపోయింది. అయినా పరీక్షలో మొదట్లో చదివిన చాప్టర్లే గుర్తురాలేదు. ఒక్కో చాప్టర్‌కి రివిజన్ తేదీ ఎలా వేసుకోవాలండీ?"

ముందు ఆ 1-3-7-15-30ని మీ క్యాలెండర్ మీద పెట్టి చూడండి. తప్పు ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. జూన్ 1న చదివిన చాప్టర్‌కి ఆఖరి రివిజన్ జూలై 1న పడుతుంది. అక్కడి నుంచి పరీక్షకి 89 రోజులు. ఆ 89 రోజుల్లో ఆ చాప్టర్ ముఖం మళ్లీ చూడరు. జూలై 30న చదివిన చాప్టర్‌కి మాత్రం ఆఖరి రివిజన్ ఆగస్టు 29న, పరీక్షకి సరిగ్గా 30 రోజుల ముందు. మొదట చదివినవే పోవడానికి కారణం మీ జ్ఞాపకశక్తి కాదు, ఆ తేదీల వరసకి మీ పరీక్ష ఎప్పుడో తెలియకపోవడం.

ఇక భారం సంగతి. రోజుకో చాప్టర్ చొప్పున చదివితే జూలై 1 నుంచి ప్రతిరోజూ ఐదు పాత చాప్టర్లు మీద పడతాయి. ఒక్కో చాప్టర్‌ని మళ్లీ మొదటి నుంచి చదివితే 40 నిమిషాలు అనుకుందాం. ఐదు నలభైలు 200 నిమిషాలు, అంటే 3 గంటల 20 నిమిషాలు. దాని మీద కొత్త చాప్టర్. ఎవరికైనా రోజు చాలదు. ఇక్కడ దెబ్బకొట్టింది రివిజన్ల సంఖ్య కంటే ఒక్కో రివిజన్‌కి పెట్టిన సమయమే. ఐదే పాతవి, ఒక్కోటి పది నిమిషాల్లో ముగిస్తే గంట కూడా పట్టదు. ఆ పది నిమిషాల రివిజన్ ఎలా ఉండాలో కిందకి వస్తాను.

ఇంకో చిన్న గందరగోళం కూడా ఈ అంకెల్లో ఉంది. 1-3-7-15-30 అంటే మొదటి చదువు నుంచి లెక్కించిన రోజులా, లేక ఒక రివిజన్‌కీ మరో రివిజన్‌కీ మధ్య ఎడమా? మొదటి అర్థంలో ఎడాలు 1, 2, 4, 8, 15 రోజులు. రెండో అర్థంలో అయితే రివిజన్లు 1, 4, 11, 26, 56వ రోజుల్లో పడతాయి. రెండూ వేర్వేరు టైమ్‌టేబుళ్లు. ఒకే నోట్‌బుక్‌లో కొన్ని అలా, కొన్ని ఇలా రాసుకునేవాళ్లు చాలామంది. కింద నేను చెప్పే ప్రతి అంకె ఎడమే, అంటే కిందటి రివిజన్ నుంచి ఎన్ని రోజులు అన్నది.

డీఎస్సీ, టెట్ సైకాలజీలో విస్మృతి వక్రం అని చదివేదే దీనికి మూలం. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. అర్థం లేని అక్షర సముదాయాల వరసలు కంఠతా పట్టి, కొంత సమయం తర్వాత వాటిని మళ్లీ కంఠతా పట్టడానికి ఎంత తక్కువ సమయం పట్టిందో కొలిచాడు. అలా ఆదా అయింది 20 నిమిషాల తర్వాత 58 శాతం, గంట తర్వాత 44, ఒక రోజు తర్వాత 34, ఆరు రోజులకి 25, 31 రోజులకి 21. వీటిని "ఒక్క రోజులో 66 శాతం మర్చిపోతాం" అని చెప్పేస్తుంటారు, అది సరికాదు. ఇవి మళ్లీ నేర్చుకోవడంలో మిగిలిన శ్రమ లెక్కలు, అదీ అర్థం లేని అక్షరాలకి. రాజ్యాంగం అర్థమయ్యేలా చదివితే మరుపు ఇంత వేగంగా ఉండదు. కాబట్టి ఈ శాతాలతో తేదీలు లెక్కగట్టకండి. ఆ గీత ఆకారం మాత్రం తీసుకోండి: మొదటి రోజులోనే నిట్టనిలువుగా పడుతుంది, తర్వాత నెల రోజులూ మెల్లగా జారుతుంది. మొదటి రివిజన్ మర్నాడే ఉండాలని అనేది అందుకే. ఒకసారి గుర్తు తెచ్చుకున్నాక ఆ గీత వాలు తగ్గుతుంది, ఇంకోసారికి ఇంకా తగ్గుతుంది. అందుకే ఎడం పెంచుకుంటూ పోవచ్చు.

ఎంత పెంచాలన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. నికలస్ సెపెడా, అతని సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో 1,350 మందికి పైగా మనుషులకి కొన్ని జీకే లాంటి విషయాలు నేర్పి, రెండోసారి చదివించే ఎడాన్ని మార్చి మార్చి చూశారు. రెండో చదువు తర్వాత వారానికి పరీక్ష పెడితే ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. 35 రోజులకి పెడితే 11 రోజుల ఎడం, 70 రోజులకి పెడితే 21 రోజుల ఎడం. ఎడం అవసరమైన దానికంటే బాగా తక్కువైతే వచ్చే నష్టం, కాస్త ఎక్కువైతే వచ్చే నష్టం కంటే పెద్దదని కూడా అందులో తేలింది. అంటే మూడు రోజుల్లో ఒకే చాప్టర్ ఐదుసార్లు తిరగేయడం కంటే ఆ ఐదు సార్లనీ రెండు నెలల మీద పరచడం మేలు.

ఇప్పుడు పది నిమిషాల రివిజన్. చాప్టర్ మొదటిసారి పూర్తిచేసిన రోజే, పుస్తకం మూయకముందే, ఒక కాగితం మీద 10 ప్రశ్నలు రాయండి. జవాబులు వెనక వైపు. ఇక ఆ చాప్టర్ రివిజన్ అంటే ఆ కాగితమే. ప్రశ్నలు చూసి, పుస్తకం చూడకుండా, ఖాళీ కాగితం మీద జవాబులు రాసి, వెనక్కి తిప్పి దిద్దుకోవాలి. నోట్లో అనుకుని "ఆ, ఇది తెలుసు" అని దాటేస్తే అది లెక్కలోకి రాదు. పుస్తకం తెరిచి చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ఎందుకంటే కళ్లముందు ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, లేనిదాన్ని తెచ్చుకోవడం వేరు. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో చూపించింది ఇదే. ఒక పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చదవకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు.

పది ప్రశ్నల్లో రెండు భాగాలున్న ప్రశ్నకి రెండూ సరిగ్గా ఉంటేనే మార్కు. అరమార్కులు వద్దు. ఎందుకంటే ఆ మార్కే మీ తదుపరి తేదీని నిర్ణయిస్తుంది.

నియమం ఇలా. 9 లేదా 10 వస్తే ఇప్పుడున్న ఎడాన్ని మూడింతలు చేయండి. 7 లేదా 8 వస్తే రెండింతలు. 5 లేదా 6 వస్తే ఎడం పెంచకండి, అదే ఎడంతో మళ్లీ తీయండి. 5 కంటే తక్కువైతే ఆ చాప్టర్‌ని మళ్లీ చదివి, మర్నాటి నుంచి కొత్తగా మొదలు. దీని మీద ఒకే ఒక్క పరిమితి: పరీక్షకి మిగిలిన రోజుల్లో సగానికి మించి ఏ ఎడమూ ఉండకూడదు. తప్పిన ప్రశ్నల్ని మాత్రం అప్పుడే పుస్తకంలో చూసుకుని, మర్నాడు ఆ రెండు మూడింటినే ఒకసారి అడుక్కోండి. దానివల్ల చాప్టర్ తేదీ మారదు.

ఈ మూడింతలు, రెండింతలు అనేవి పని నడవడానికి పెట్టుకున్న కొలతలు. మీకు సరిపోతున్నాయో లేదో మీ మార్కులే చెబుతాయి, దాని గురించి తర్వాత. ముందు ఒక చాప్టర్‌ని జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నడిపి చూద్దాం. మార్కులు ఉదాహరణకి వేసుకున్నవి.

చాప్టర్: అత్యవసర పరిస్థితులు, రాజ్యాంగం 18వ భాగం, ఆర్టికల్ 352 నుంచి 360 వరకు. మొదటిసారి చదివింది జూన్ 3. ఆ రోజు రాసిన కాగితంలో ప్రశ్నలు ఇలాంటివి: 352లో "సాయుధ తిరుగుబాటు" అన్న మాట ఏ సవరణతో, ఏ సంవత్సరంలో వచ్చింది? 352 ప్రకటనని పార్లమెంటు ఎంత కాలంలో, ఏ మెజారిటీతో ఆమోదించాలి? 356కి ఎంత కాలం, ఏ మెజారిటీ? 360కి? 358కీ 359కీ తేడా ఏమిటి? 359 కింద కూడా తాకకూడని రెండు ఆర్టికల్స్ ఏవి? రాష్ట్రపతి పాలన గరిష్ఠంగా ఎన్నేళ్లు? జాతీయ అత్యవసర పరిస్థితి పెట్టిన మూడు సంవత్సరాలేవి? బొమ్మై కేసు తీర్పు ఏ సంవత్సరం? ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన ఏయే సంవత్సరాల్లో వచ్చింది?

మర్నాడు, జూన్ 4న, మొదటి రివిజన్. పదికి 7. ఎడం ఒక రోజు, రెండింతలు చేస్తే రెండు. తర్వాతి తేదీ జూన్ 6. ఆ రోజు 9 వచ్చింది, రెండు మూడింతలై ఆరు, తేదీ జూన్ 12. ఇక్కడ 6 మార్కులే వచ్చాయి. ఎడం ఆరు దగ్గరే ఆగింది, మళ్లీ జూన్ 18. అప్పుడు 8, ఎడం పన్నెండు, తేదీ జూన్ 30. జూన్ 30న 9, ఎడం 36. పరీక్షకి ఇంకా 90 రోజులుంది, సగం 45, కాబట్టి 36 చెల్లుతుంది. తేదీ ఆగస్టు 5. ఆ రోజు 8 వచ్చింది. రెండింతలు చేస్తే 72, అంటే అక్టోబర్ 16, పరీక్ష అయిపోయాక. పరిమితి ఇక్కడ పనికొస్తుంది: ఆగస్టు 5 నుంచి పరీక్షకి 54 రోజులు, సగం 27, తేదీ సెప్టెంబర్ 1. ఆ రోజు 9. మిగిలింది 27, సగం 13, తేదీ సెప్టెంబర్ 14. ఆ రోజు 10. మిగిలింది 14, సగం 7, తేదీ సెప్టెంబర్ 21. ఫార్ములా అక్కడితో సరి. ఆఖరి వారంలో ఒకసారి తిప్పేది కాక మొత్తం తొమ్మిది రివిజన్లు. మొదట్లో పది పన్నెండు నిమిషాలు పడుతుంది, ఆగస్టుకల్లా ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఆ చాప్టర్‌కి నాలుగు నెలల్లో పెట్టింది గంటంపావు దాకా.

జూన్ 12న 6 మార్కులు ఎందుకొచ్చాయో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇలాంటి చోటే చాలామంది తేదీని తిట్టుకుంటారు. తప్పిన నాలుగింటిలో మూడు ఒకే జాతివి. 352 ప్రకటనకి రెండు నెలలు అని, 356కి ఒక నెల అని రాశారు. 360కి ప్రత్యేక మెజారిటీ అన్నారు. ఇది మరుపు కాదు, కలగాపులగం. విషయం తలలో ఉంది, ఏది దేనికి చెందుతుందో తారుమారైంది. ఇలాంటిదాన్ని ఆరు రోజులకి బదులు మూడు రోజులకొకసారి చూసినా మళ్లీ తారుమారవుతుంది, ఎందుకంటే మూడు ప్రశ్నలూ విడివిడిగా అడుగుతున్నంత కాలం వాటి తేడా మీద మీ దృష్టి పడదు. తేదీ మార్చి లాభం లేదు, ప్రశ్న మార్చాలి. ఆ మూడింటినీ కొట్టేసి ఒకే ప్రశ్న రాయండి: "మూడు అత్యవసర పరిస్థితుల్లో ఒకటే మిగతా రెంటికీ భిన్నంగా ఉంటుంది, ఏది, ఏ రెండు విషయాల్లో?" జవాబు: 352. దానికి ఒక నెలలో, ప్రత్యేక మెజారిటీతో ఆమోదం కావాలి. 356, 360 రెంటికీ రెండు నెలలు, సాధారణ మెజారిటీ చాలు. ఖాళీ అయిన రెండు స్థానాల్లో వేరే ప్రశ్నలు వేసుకోండి, ఉదాహరణకి రాష్ట్రపతి పాలన ఏడాది దాటి కొనసాగాలంటే ఏ షరతులు కావాలన్నది.

నాలుగో తప్పు 358, 359 తేడా. అది నిజంగా అర్థం కాని చోటు. యుద్ధం లేదా బాహ్య దురాక్రమణ కారణంగా అత్యవసర పరిస్థితి పెడితే 358 వల్ల ఆర్టికల్ 19 తనంతట తానే నిలిచిపోతుంది. 359 కింద అయితే రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వాలి, అందులో పేర్కొన్న హక్కుల కోసం కోర్టుకి వెళ్లే వీలు ఆగుతుంది, 20, 21 మాత్రం అందులో చేర్చకూడదు. ఇలా ఒక పేరా చదివి అర్థం చేసుకుంటే తప్ప ఎన్ని తేదీలు వేసినా రాదు. ఒక ప్రశ్న వరసగా మూడు రివిజన్లలో తప్పిందంటే ఆ ప్రశ్నని ఇక తేదీకి వదిలేయకండి. కలగాపులగమా, అర్థంకాకపోవడమా, లేక ప్రశ్నే మరీ పెద్దదా అని చూసి తిరగరాయండి.

తేదీల లెక్క చేత్తో చేయొచ్చు, కానీ 60 చాప్టర్లకి స్ప్రెడ్‌షీట్ హాయి. ఒక్కో చాప్టర్‌కి ఒక వరస. A నిలువులో చాప్టర్ పేరు, B లో ఈ రివిజన్ చేసిన తేదీ, C లో ఈసారి ఎడం ఎన్ని రోజులు, D లో మార్కులు. H1 గడిలో పరీక్ష తేదీ. మిగతా రెండు గడులు ఇవి:

```
E2: =IF(D2>=9, C2*3, IF(D2>=7, C2*2, IF(D2>=5, C2, 1)))
F2: =B2+MAX(1, MIN(E2, INT(($H$1-B2)/2)))
```

F లో వచ్చేదే తర్వాతి తేదీ. అంకెలా కనిపిస్తే ఆ నిలువుని తేదీ ఫార్మాట్‌లోకి మార్చండి. పొద్దున్నే F ప్రకారం సార్ట్ చేస్తే ఈ రోజు తీయాల్సినవన్నీ పైకి వస్తాయి. రివిజన్ అయ్యాక B, C, D మూడూ మార్చాలి. ఎక్కువమంది C మార్చడం మర్చిపోతారు. అప్పుడు ఎడం ఎప్పటికీ రెండు మూడు రోజుల దగ్గరే తిరుగుతుంది, పని గుట్టలా పెరుగుతుంది. ఏ చాప్టర్ అయినా నెల దాటినా రెండు రోజులకోసారి వస్తోందంటే ముందు C చూడండి.

C లో ఏం రాయాలన్నది ఒక్క సందర్భంలో తికమక పెడుతుంది. ఆరు రోజులకి తీయాల్సింది పదో రోజున తీశారనుకోండి. 7 లేదా అంతకంటే ఎక్కువ వస్తే C లో 10 రాయండి, ఎందుకంటే మీ జ్ఞాపకం పది రోజులు నిలబడిందని రుజువైంది. 7 కంటే తక్కువ వస్తే 6 రాయండి. ముందే తీసినా ఇదే సూత్రం: పన్నెండు రోజుల చాప్టర్‌ని ఐదో రోజునే తీసి 10 తెచ్చుకుంటే C లో 5 రాయాలి. 12 అని రాస్తే 36 రోజులు వస్తుంది, ఆ 36కి ఆధారం లేదు.

ఇక రోజువారీ భారం. 60 చాప్టర్లకి తొమ్మిదేసి రివిజన్లు, ఒక్కోటి సగటున 8 నిమిషాలు అనుకుంటే 72 గంటలు. 120 రోజులకి సర్దితే రోజుకి 36 నిమిషాలు. అయితే ఇది సమంగా పడదు. ఒక్కో చాప్టర్‌కి మొదటి నెలలోనే ఐదు రివిజన్లు ఉంటాయి కాబట్టి జూలై మొత్తం రోజుకి ఐదారు కాగితాలు, ముప్పావు గంట నుంచి గంట దాకా. ఆగస్టు మధ్యకల్లా తగ్గుతుంది. సెప్టెంబర్‌లో సగం నియమం వల్ల అన్నీ దగ్గరకి జరిగి మళ్లీ పెరుగుతాయి. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి రెండు గంటలే దొరికేవాళ్లు జూలైలో రోజుకో కొత్త చాప్టర్ మొయ్యలేరు. వాళ్లు కాగితాల సంఖ్య తగ్గించొద్దు, కొత్త చాప్టర్‌ని రెండు రోజులకొకటి చేసుకోవాలి. అప్పుడు 60 చాప్టర్లు 120 రోజులు పడతాయి కాబట్టి, అన్నీ కావు, ఏవి వదిలేయాలో జూన్‌లోనే తేల్చుకోవాలి. ఆఖరి వారంలో మొదటిసారి చదివే చాప్టర్‌కి ఎడాలు వేయడానికి చోటే ఉండదు.

ఒక రోజు ఎనిమిదికి మించి కాగితాలు పడితే కొన్నిటిని జరపండి. ఏవి జరపాలన్నది ముఖ్యం. 27 రోజుల ఎడం ఉన్నదాన్ని రెండు రోజులు ముందుకో వెనక్కో జరిపితే ఏమీ కాదు. రెండు రోజుల ఎడం ఉన్నదాన్ని రెండు రోజులు జరిపితే ఎడం రెట్టింపైపోతుంది. ఎడంలో పదోవంతు వరకూ స్వేచ్ఛ ఉందనుకోండి. పది రోజుల కంటే తక్కువ ఎడం ఉన్నవాటిని కదపకండి.

పెళ్లికో జ్వరానికో నాలుగు రోజులు పోతే ఇరవై కాగితాలు పేరుకుంటాయి. అప్పుడు అన్ని తేదీలనీ నాలుగు రోజులు వెనక్కి నెట్టడం సులువుగా అనిపిస్తుంది కానీ, అలా చేస్తే చిన్న ఎడాలవి పాడవుతాయి, పెద్ద ఎడాలవి అనవసరంగా జరుగుతాయి. దానికి బదులు C ప్రకారం సార్ట్ చేసి, చిన్న ఎడం ఉన్నవాటి నుంచి పైకి రండి. రోజుకి ఎనిమిది చొప్పున. పాత బాకీ తీరేదాకా కొత్త చాప్టర్ ఆపేయాలి. ఏ రోజువి ఆ రోజు పడుతూనే ఉంటాయి కాబట్టి వారం రోజుల్లో దారికొస్తుంది. కొత్త చాప్టర్ ఆపడానికి మనసొప్పదు, కానీ బాకీ ఉండగా చదివిన కొత్త చాప్టర్ మర్నాటి రివిజన్ కూడా బాకీలోకే చేరుతుంది. అప్పుడది రెండోసారి చదవాల్సిన చాప్టరే.

కొలతలు మీకు సరిపోతున్నాయో లేదో రెండు వారాలకోసారి చూడండి. ఎడం ఆరు రోజులు, అంతకు మించి ఉన్న రివిజన్ల మార్కులు తీసి సగటు కట్టండి. 8కీ 9కీ మధ్య ఉంటే బాగుంది. 9.5 దాటితే మీరు మరీ తొందరగా తీస్తున్నారు, ఇంకా మరవని దాన్ని తీసి సమయం పోగొట్టుకుంటున్నారు. అలాంటప్పుడు మూడింతల బదులు నాలుగింతలు చేయండి. లేదా మీ ప్రశ్నలు మరీ తేలికవి కావచ్చు. "జాతీయ అత్యవసర పరిస్థితి ఏ ఆర్టికల్?" లాంటివి పది ఉంటే ఎప్పుడూ పదికి పదే వస్తుంది. సగటు 7 కంటే తగ్గితే మూడింతల్ని రెండింతలు చేయండి, రెండింతల్ని ఒకటిన్నర. అయితే అలా తగ్గించేముందు ఏ సబ్జెక్టులో తగ్గిందో చూడండి. ఎకానమీలో మాత్రమే 6 వస్తూ పాలిటీలో 9 వస్తుంటే ఎకానమీ వరసలకి వేరే గుణకం పెట్టుకోవడమే న్యాయం. అంకెలు, సంవత్సరాలు నిండిన చాప్టర్లు, కథలా సాగే హిస్టరీ చాప్టర్ల కంటే త్వరగా జారిపోతాయి.

ఆంకీ లాంటి యాప్ వాడేవాళ్లకి ఈ లెక్కంతా అదే చేస్తుంది, ఒక్కో ప్రశ్నకి విడిగా. అక్కడ చేయకూడని పని, చాప్టర్ మొత్తాన్ని ఒక కార్డుగా పెట్టడం. ఎనిమిది గుర్తొచ్చి రెండు గుర్తురాకపోతే ఏ బటన్ నొక్కాలి? ఏది నొక్కినా పది విషయాలకీ ఒకే తేదీ పడుతుంది. పది ప్రశ్నల్ని పది కార్డులు చేయండి. అలాగే, పరీక్ష తేదీ అనే గోడ అందులో మామూలుగా ఉండదు. జూలైలో బాగా గుర్తున్న కార్డుని అది అక్టోబర్‌కి పంపేయగలదు. డెక్ ఆప్షన్లలో గరిష్ఠ ఎడాన్ని ముందు 45 రోజులకి, ఆగస్టులో 27కి, సెప్టెంబర్ మొదట్లో 13కి తగ్గించుకుంటూ రండి. ఒక జాగ్రత్త: ఆ మార్పు, మీరు కార్డుకి మళ్లీ జవాబిచ్చినప్పుడే దానికి వర్తిస్తుంది, ముందే అక్టోబర్‌కి వెళ్లిపోయినవాటిని మీరే వెతికి దగ్గరకి తెచ్చుకోవాలి.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోదు. కరెంట్ అఫైర్స్‌కి చాప్టర్ అనేది లేదు, రోజూ వచ్చి పడుతుంది. వాటిని వారం మొత్తానికి ఒక కాగితంగా, పది ప్రశ్నలతో రాసి ఇందులో కలపండి. అరిథ్‌మెటిక్‌లో గుర్తుంచుకునేది తక్కువ, చేసేది ఎక్కువ. అదే లెక్కని మళ్లీ చేస్తే జవాబు గుర్తుండిపోయి 10 వస్తుంది, ఆ మార్కు అబద్ధం. అక్కడ తేదీ ఈ పద్ధతి ప్రకారమే వేసుకోండి, కానీ ప్రతిసారీ అదే రకం కొత్త లెక్కలు పది చేయండి.

సెప్టెంబర్ 21 తర్వాత ఫార్ములా ఆపేయండి. దాన్ని వదిలేస్తే సగంలో సగం అంటూ మూడు రోజులు, రెండు రోజులు, ఒక రోజు అని 60 చాప్టర్లనీ రోజూ తెచ్చి మీద పడేస్తుంది. ఆ ఆఖరి వారంలో 60 కాగితాలనీ ఒకే ఒక్కసారి తిప్పాలి, రోజుకి పది చొప్పున ఆరు రోజులు, సెప్టెంబర్ 22 నుంచి 27 వరకు. D నిలువులో ఆఖరి మార్కు తక్కువ ఉన్నవి 22న, 10 ఉన్నవి 27న. తక్కువ వచ్చినవాటిని ముందు తీస్తే, అందులో తప్పిన ప్రశ్నల్ని 25, 26 తేదీల్లో ఇంకోసారి అడుక్కోవడానికి సమయం మిగులుతుంది.